73.5కూ 74.5కూ మధ్య: ఒక ఊక బాయిలర్ ఫ్యాను అదురు

సభలో ఉన్న మిల్లు యజమానులకు, ఫిట్టర్లకు, పాలిటెక్నిక్ విద్యార్థులకు నమస్కారం.

తిరిగే యంత్రం అదురుతున్నదంటే మనకు ముందుగా వచ్చే అనుమానాలు మూడు. బరువు ఒక పక్కకు ఎక్కువై ఇంబ్యాలెన్స్ ఏర్పడి ఉండవచ్చు, మోటారు షాఫ్టూ యంత్రం షాఫ్టూ ఒకే గీతలో లేక మిస్‌ఎలైన్‌మెంట్ వచ్చి ఉండవచ్చు, లేదా బేరింగే పాడయి ఉండవచ్చు. ఈ మూడింటినీ విడదీసే పద్ధతిని పట్టిక వేసి చెప్పడం కన్నా, నెల్లూరుకు దగ్గరలో కోవూరు వైపున్న ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో నేను స్వయంగా పొరబడిన సంగతి చెప్పడమే మేలని అనుకుంటున్నాను. ఎందుకంటే ఆ ఒక్క ఫ్యానులోనే మూడు లోపాలూ ఒకేసారి ఉన్నాయి.

అది ఊకతో మండే బాయిలర్ పొగను లాగే ఐ.డి. ఫ్యాను. దాని మోటారు 22 కిలోవాట్లది, అసలు వేగం టాకోమీటరుతో చూస్తే నిమిషానికి 1470 చుట్లు, అంటే సెకనుకు 24.5. మోటారు తరువాత పిన్-బుష్ కప్లింగ్, దాని తరువాత ఒకే దిమ్మలో రెండు 6310 బేరింగులు, ఆ రెండింటికీ అవతల వేలాడుతున్నట్టుగా ఇంపెల్లర్ ఉంటాయి. ఈ అమరికను గుర్తుంచుకోండి, చివరలో దీనితో పని పడుతుంది.

నేను వెళ్లేసరికి బేరింగు దిమ్మ మీద మొత్తం కంపనం సెకనుకు 6.1 మిల్లీమీటర్లు చూపించింది. ఈ పరిమాణపు యంత్రం గట్టి పునాది మీద ఉన్నప్పుడు 2.8 దాటితే ఎక్కువ కాలం నడపదగదని, 4.5 దాటితే దెబ్బతినే స్థాయి అని, 2022లో ISO 20816-3గా మారిన ISO 10816-3 ప్రమాణం చెప్పింది. అయితే ఈ మొత్తం అంకె జ్వరం ఎంత ఉన్నదో చెబుతుందే తప్ప ఏ జ్వరమో చెప్పదు. అది తెలియాలంటే ఆ అదురు సెకనుకు ఎన్నిసార్లు వస్తున్నదో విడదీసి చూపే స్పెక్ట్రమ్ చూడాలి. అందులో మొదట వేయవలసిన ప్రశ్న, నా దృష్టిలో, ఒక్కటే: ఈ శిఖరం షాఫ్టు వేగానికి సరిగ్గా ఒకటింతలు, రెండింతలు, మూడింతలు అని పూర్ణసంఖ్యలో ఉన్నదా, లేక మధ్యలో ఎక్కడో ఉన్నదా?

మా ఫ్యానులో అన్నిటికన్నా పెద్ద శిఖరం 24.5 హెర్ట్జ్ దగ్గర, సెకనుకు 5.8 మిల్లీమీటర్లతో నిలబడి ఉంది. ఇది సరిగ్గా ఒకటింత. బరువెక్కువైన చోటు చుట్టుకొకసారి ప్రతి దిక్కుకూ వస్తుంది కాబట్టి ఇంబ్యాలెన్స్ ఇక్కడే కనబడుతుంది. ఊక బూడిద ఇంపెల్లర్ రెక్కల వెనుక పెచ్చులు కట్టి, అందులో ఒక పెచ్చు ఊడిపోతే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. కేంద్రం నుంచి 350 మిల్లీమీటర్ల దూరంలో 40 గ్రాముల తేడా ఉంటే, ఈ వేగం దగ్గర అది సుమారు 330 న్యూటన్ల బలంతో, అంటే 34 కిలోల బరువు వేలాడదీసినట్టుగా, షాఫ్టును చుట్టూతా లాగుతుంది. 40 గ్రాములంటే గుప్పెడు బియ్యం! బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక వేగం మార్చే డ్రైవ్ ఉన్న మోటారును సగం వేగానికి దించితే అది నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది కూడా మంచి పరీక్షే.

ఒకటింత శిఖరం కనబడగానే ఇంబ్యాలెన్స్ అని తేల్చేయకూడదు. వంగిన షాఫ్టు, వదులైన పునాది బోల్టు, కొన్ని రకాల మిస్‌ఎలైన్‌మెంట్ కూడా అక్కడే శిఖరాన్ని నిలబెడతాయి. వీటిని విడదీయడానికి ఫేజ్ చూడాలి, అంటే షాఫ్టు మీద అంటించిన గుర్తు వెళ్లిన తరువాత కంపనం ఎంత కోణం ఆలస్యంగా గరిష్ఠానికి వస్తున్నదో కొలవాలి. ఒకే బేరింగు మీద అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిస్తే ఇంబ్యాలెన్స్‌లో రెండింటికీ మధ్య సుమారు 90 డిగ్రీల తేడా వస్తుంది. మా ఫ్యానులో 85 వచ్చింది. ఫ్యాను ఆపి, చల్లబడ్డాక మూత తెరిచి, రెక్కలు గీకి శుభ్రం చేయించాము. ఒకటింత శిఖరం 1.2కు, మొత్తం కంపనం 2.4కు దిగాయి.

ఇక్కడే చాలామంది పనిముట్లు సర్దుకుంటారు. 2.4 అంటే 2.8 లోపలే కదా అని యజమాని కూడా అన్నారు. కానీ స్పెక్ట్రమ్‌లో 49 హెర్ట్జ్ దగ్గర 0.7, 74 చుట్టుపక్కల 1.9 మిగిలే ఉన్నాయి, రెక్కలు శుభ్రం చేసినా అవి కదలలేదు. 49 అంటే రెండింతలు, 73.5 అంటే మూడింతలు. రెండింతలు, మూడింతలు, పైగా కప్లింగ్ వైపు బేరింగు దగ్గరే ఎక్కువ అనేసరికి నేను మిస్‌ఎలైన్‌మెంట్ అని తీర్పు ఇచ్చేశాను.

ఆ తీర్పు పూర్తిగా అబద్ధం కాదు. షాఫ్టు పొడవునా, అంటే అక్షం దిశలో, కప్లింగుకు ఇటూ అటూ ఫేజ్ కొలిస్తే సుమారు 170 డిగ్రీల తేడా వచ్చింది. కప్లింగ్ రెండు పక్కలనూ ఎదురెదురుగా నెడుతున్నదని దీని అర్థం. వేలాడే ఇంపెల్లర్ ఉన్న ఫ్యానులో ఇంబ్యాలెన్స్ వల్ల కూడా అక్షం దిశలో బాగానే అదురుతుంది కాబట్టి, ఆ దిశలో కంపనం ఎక్కువగా ఉండడం ఒక్కటే మిస్‌ఎలైన్‌మెంట్‌కు సాక్ష్యం కాదు, ఫేజ్ తేడాయే సాక్ష్యం. ఒక చిన్న జాగ్రత్త కూడా చెప్పాలి. సెన్సారును మోటారు మీద తూర్పుకు, ఫ్యాను మీద పడమటికి తిప్పి పెడితే ఆ తిప్పడం వల్లనే 180 డిగ్రీలు తారుమారవుతాయి. అలా, అసలు లేని మిస్‌ఎలైన్‌మెంట్‌ను కనిపెట్టి షిమ్ములు మార్చినవాళ్లను నేను చూశాను.

డయల్ గేజీతో చూస్తే ఎత్తులో 0.25 మిల్లీమీటర్ల తేడా నిజంగానే ఉంది. షిమ్ములు వేసి 0.05కు తెచ్చాము. 49 దగ్గరి శిఖరం 0.3కు పడిపోయింది. 74 దగ్గరిది మాత్రం చెక్కుచెదరలేదు. మరునాడు మళ్లీ కప్లింగ్ విప్పి, ఫ్యాను దిమ్మ వేడెక్కితే ఎంత లేస్తుందో లెక్కగట్టి (300 మిల్లీమీటర్ల ఎత్తు ఉక్కు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.14 మిల్లీమీటర్లు లేస్తుంది) ఆ మేరకు సర్ది చూశాము. అయినా అదే 1.9.

అప్పుడు ఆ మిల్లులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న పెద్ద ఫిట్టరు, అంతవరకూ ఏమీ మాట్లాడని మనిషి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు దిమ్మ నెత్తిన ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కాసేపు విన్నాడు. "సార్, కప్లింగుతో పన్లేదు. లోపల టకటకా కొడతా ఉంది, అది తిరగతా ఉండే శబ్దం గాదు" అన్నాడు. కొట్టే శబ్దానికీ తిరిగే శబ్దానికీ ఆయన చెవి చెప్పిన తేడా నా పరికరం ఎందుకు చెప్పలేదు?

నేను దాన్ని 1000 హెర్ట్జ్ వరకు, 400 గీతలతో పెట్టి ఉంచాను. అంటే ఒక్కో గీత వెడల్పు 2.5 హెర్ట్జ్. ఆ వెడల్పులో 73.5 అయినా, 74.7 అయినా ఒకే మొద్దు శిఖరంగా కనబడతాయి. ఇక 74.7 ఎక్కడిదంటారా, 6310 బేరింగులో 8 గోళీలు, ఒక్కో గోళీ వ్యాసం 19.05 మిల్లీమీటర్లు, గోళీల కేంద్రాలు తిరిగే వృత్తం వ్యాసం 80 మిల్లీమీటర్లు. బయటి రింగు మీద ఒకచోట పెచ్చు లేస్తే గోళీలు దాని మీదుగా సెకనుకు ఎన్నిసార్లు పోతాయో ఈ లెక్క చెబుతుంది. తెర మీద దీన్నే BPFO అని చూపిస్తారు.

```
BPFO = (8/2) × 24.5 × (1 − 19.05/80) = 74.7 Hz
```

ఇది షాఫ్టు వేగానికి 3.05 రెట్లు. లోపలి రింగుకు ఇదే విధంగా చేస్తే 4.95 రెట్లు వస్తుంది. ఒకటి మూడింతలకు, ఇంకొకటి అయిదింతలకు ఆనుకునే కూర్చున్నాయి. 8 గోళీల బేరింగు మనల్ని మోసం చేయడానికే పుట్టిందా అనిపిస్తుంది. అందుకే తనిఖీకి వెళ్లేముందే బేరింగు నంబరు, టాకోమీటరు వేగం రెండూ చేతిలో ఉండాలని నేను అంటాను. మోటారు నేమ్‌ప్లేటు మీది వేగం ఈ పనికి చాలదు.

పరికరాన్ని 500 హెర్ట్జ్ వరకు, 3200 గీతలతో మార్చాను. ఇప్పుడు గీత వెడల్పు 0.16 హెర్ట్జ్. దీనికి మూల్యం కాలం: ఇంతకుముందు ఒక్కో నమూనాకు 0.4 సెకను సరిపోయేది, ఇప్పుడు 6.4 సెకన్లు పడుతుంది, అంతసేపూ బాయిలర్ లోడు మారకుండా ఉండాలి. అలా తీస్తే ఆ మొద్దు శిఖరం రెండుగా చీలింది. 73.5 దగ్గర ఒక చిన్నది, 74.5 దగ్గర ఒక పెద్దది. లెక్కకు వచ్చిన 74.7కు బదులు 74.5 ఎందుకంటే, గోళీలు కొంచెం జారుతూ దొర్లుతాయి కాబట్టి ఒకటి రెండు శాతం తేడా మామూలే. అది మూడింతలకు సరిగ్గా సరిపోకపోవడమే ముఖ్యం. షాఫ్టు వేగానికి పూర్ణసంఖ్య కాని రెట్లలో ఉన్న శిఖరాన్ని ఇంబ్యాలెన్స్ గానీ మిస్‌ఎలైన్‌మెంట్ గానీ పుట్టించలేవు.

ఎక్కువ గీతలు లేని చౌక పరికరం ఉన్నవాళ్లకు ఒక ఉపాయం చెబుతాను. బేరింగు దెబ్బ ఒక్క శిఖరంతో ఆగదు, దాని గుణిజాలు వరుసగా వస్తాయి. మొదటి దాని దగ్గర తేడా ఒక హెర్ట్జే అయినా పదో గుణిజం దగ్గర అది 735కూ 745కూ మధ్య పది హెర్ట్జ్ అవుతుంది, 2.5 హెర్ట్జ్ గీతలకైనా అది అందుతుంది. నా పాత స్పెక్ట్రమ్‌ను తిరిగి తీసి చూస్తే 745 అక్కడే ఉంది. నేను ఎడమవైపు కొసనే చూసి ఆగిపోయాను.

పెద్ద ఫిట్టరు చెవి చేసిన పనిని పరికరంలో ఎన్వలప్ అంటారు. గోళీ పెచ్చు మీద పడ్డ ప్రతిసారీ దిమ్మ గుడిగంటలా కొన్ని వేల హెర్ట్జ్‌లలో మోగి ఆగుతుంది. ఆ మోతను మాత్రమే తీసుకుని, అది సెకనుకు ఎన్నిసార్లు మొదలవుతున్నదో లెక్కపెడితే దెబ్బల వేగం తెలుస్తుంది. షాఫ్టు తాలూకు నెమ్మది ఊగులాట వడకట్టబడుతుంది. మా ఫ్యానులో 13.4 మిల్లీసెకన్లకొక దెబ్బ, అంటే మళ్లీ 74.5. ఇక్కడ ఒక పరిమితి ఉంది. బేరింగు మరీ పాడయిపోయి పెచ్చు రింగు నిండా పరుచుకుంటే ఈ తీరైన దెబ్బలు చెదిరి, స్పెక్ట్రమ్ అంతా ఇసుక పోసినట్టు పైకి లేస్తుంది. శిఖరం తగ్గిందని అప్పుడు సంతోషిస్తే పొరపాటే.

విప్పబోయే ముందు కప్లింగ్ వైపు బేరింగు బయటి రింగు నెత్తిన చాక్‌పీసుతో గీత పెట్టించాను. అవతల ఇంపెల్లర్ బరువు కిందికి లాగుతుంటే, ఏతంలో ఒక కొస దిగితే రెండో కొస లేచినట్టు, ఈ వైపు షాఫ్టు పైకి నొక్కుతుంది. కాబట్టి ఇక్కడ బరువు మోసేది రింగు పైభాగం. పెద్ద ఫిట్టరు స్క్రూడ్రైవరును నెత్తిన పెట్టి వినడం ఊరికే కాదని అప్పుడు అర్థమైంది. కడిగి చూస్తే గీతకు రెండు వేళ్ల దూరం లోపలే, జొన్నగింజ కన్నా కాస్త పెద్దదైన పెచ్చు ఊడి ఉంది.

కొత్త బేరింగు వేసి, వేడెక్కే వరకు నడిపి, అవే 3200 గీతలతో మళ్లీ తీశాము. 74.5 లేదు. 73.5 దగ్గర 0.3 మిగిలింది, అది అసలైన మిస్‌ఎలైన్‌మెంట్ తాలూకు శేషం, ఇన్నాళ్లూ పెద్ద శిఖరం నీడలో దాక్కుని ఉన్నది. దాన్ని అలాగే వదిలేసి వచ్చాము.