సర్టిఫికెట్ చేతికొచ్చాక అడిగే ప్రశ్న

శ్రోతలకు నమస్కారం. మన విశాఖలో బీఫార్మసీయో, ఎమ్మెస్సీయో పూర్తిచేసి, క్లినికల్ రీసెర్చ్ కోర్సులో చేరదామనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. మందుల్ని మనుషుల మీద పరీక్షించి చూసే ట్రయల్స్ నడిపే రంగం ఇది. ఫీజు కట్టే ముందు వాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ రంగంలో కొత్తవాళ్లు ఎక్కువగా చేరేది ఆసుపత్రిలో ట్రయల్ కోఆర్డినేటర్‌గా. దానికి ఫలానా డిప్లొమా ఉండి తీరాలని చట్టం చెప్పదు. కంపెనీలు అడిగేది జీసీపీ, అంటే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ శిక్షణ. అది ఆన్‌లైన్‌లో ఉచితంగా కూడా దొరుకుతుంది, కొన్ని గంటల్లో అయిపోతుంది.

అసలు పరీక్ష ఆ తర్వాత ఉంటుంది. పెదజాలరిపేట నుంచి ఒకావిడ షుగర్ మందు ట్రయల్ కోసం పరగడుపున వచ్చిందనుకుందాం. ఆమెకు చదువు రాదు. అలాంటప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని ఒక సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కనే ఉండాలి. డాక్టరుగారు ఆమెకు అర్థమయ్యే మాటల్లో అంతా వివరించాలి. ఆ తర్వాతే అంగీకారపత్రం మీద ఆమె వేలిముద్ర, సాక్షి సంతకం, తేదీ. ట్రయల్ కోసం రక్తం తీయడం అదంతా అయ్యాకే.

కానీ ఆ రోజు నర్సు అలవాటు కొద్దీ 9:10కే రక్తం తీసేసింది. అంగీకారపత్రం మీద టైము 9:40. సాయంత్రం కాగితాలు సర్దుతుంటే కోఆర్డినేటర్‌కి ఇది కనిపించింది. 9:10ని 9:50 చేసేస్తే ఎవరికీ తెలియదనిపిస్తుంది. కానీ ల్యాబ్ రిజిస్టర్‌లో 9:25కే శాంపిల్ అందినట్టు ఉంటుంది. తనిఖీకి వచ్చే మానిటర్ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అప్పుడు ఒక పొరపాటు కాస్తా దొంగ రికార్డు అవుతుంది. ఆ ఆసుపత్రి ఇచ్చిన మిగతా లెక్కల మీదా నమ్మకం పోతుంది.

చేయాల్సింది వేరు. టైములు ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. జరిగింది రాసి, ఆ రోజు తేదీతో సంతకం చేయాలి. వెంటనే ముఖ్య పరిశోధకుడైన డాక్టరుకు చెప్పాలి. ఆయన ద్వారా అది ట్రయల్ చేయించే కంపెనీకి, ట్రయల్‌లో చేరినవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీకి వెళుతుంది. ఆవిడకూ చెప్పాలి, అది ఆమె ఒంట్లోంచి తీసిన రక్తం. ఎక్కడైనా అక్షరం తప్పు పడినా వైట్‌నర్ పూయకూడదు. పాతది కనబడేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ వేయాలి.

ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్నే వేస్తారు. రూల్ పేరు చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. డాక్టరుగారి దగ్గరకెళ్లి “సార్, మనం తప్పు చేశాం” అని చెప్పగలిగినవాళ్లు, ఆవిడతో మన ఉత్తరాంధ్ర యాసలో ఓపిగ్గా మాట్లాడి, మళ్లీ విజిట్ తేదీకి ఫోన్ చేసి పిలవగలిగినవాళ్లు తక్కువ. ఇంగ్లీషులో తేటగా మెయిల్ రాయడం, ఎక్సెల్‌లో విజిట్ తేదీలు చూసుకోవడం కూడా వచ్చి ఉండాలి.

అందుకే డబ్బు కట్టే ముందు ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లను ఇలా అడగండి: ట్రయల్ నడుస్తున్న ఆసుపత్రిలో మమ్మల్ని ఎన్ని వారాలు కూర్చోబెడతారు? అక్కడ మాకు పని నేర్పేది ఎవరు?