ఏడు రాళ్ల కమ్మల బిల్లు: క్యారెట్ల నుంచి గ్రాములకు

అందరికీ నమస్కారం. వజ్రాల నగ కొన్నప్పుడు మన చేతికి రెండు కాగితాలు వస్తాయి. ఒకటి రాళ్ల సర్టిఫికెట్, రెండోది షాపు బిల్లు. సర్టిఫికెట్‌లో బరువు క్యారెట్లలో ఉంటుంది, బిల్లులో బంగారం బరువు గ్రాముల్లో ఉంటుంది. ఈ రెండూ ఒకే నగ గురించి చెబుతున్నాయి కాబట్టి లెక్క కలవాలి. కలిసిందో లేదో కౌంటర్ దగ్గరే ఎలా చూసుకోవాలన్నదే ఈ పూట విషయం. అందుకు మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఏడు రాళ్ల వజ్రాల కమ్మల జతను తీసుకుందాం.

ముందు కొలత సంగతి. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అంటే 0.2 గ్రాము. గ్రాముకు ఐదు క్యారెట్లు. క్యారెట్‌లో నూరోవంతును మన షాపుల్లో సెంటు అంటారు. ఒక సెంటు 2 మిల్లీగ్రాములు. లెక్క చేయడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. సర్టిఫికెట్‌లో ఉన్న అంకెను సెంట్లలో చదవండి, దాన్ని రెట్టింపు చేయండి, మిల్లీగ్రాములు వస్తాయి. 0.30 అంటే 30 సెంట్లు, 60 మిల్లీగ్రాములు. 1.01 అంటే 101 సెంట్లు, 202 మిల్లీగ్రాములు. గ్రాముల్లో కావాలంటే క్యారెట్లను ఐదుతో భాగించండి. ఏ దారిలో వెళ్లినా ఒకటే జవాబు రావాలి. రాకపోతే దశాంశ బిందువు ఎక్కడో జారిందన్నమాట.

ఈ 200 మిల్లీగ్రాముల క్యారెట్ 1907లో పారిస్‌లో జరిగిన తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభలో ఖాయమైంది. అంతకు ముందు ఊరికో క్యారెట్ ఉండేది. మన కృష్ణా తీరపు కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూరు సంగతే చూడండి. 1852లో లండన్‌లో తిరిగి సానపట్టక ముందు దాని బరువు పాత ఇంగ్లండు క్యారెట్లలో 186, నేటి క్యారెట్లలో 191. రాయి అదే, అంకెలు రెండు. ఇప్పుడున్న రాయి 105.6 క్యారెట్లు, అంటే 21.12 గ్రాములు. తాతల నాటి నగలతో పాత తూకం చీటీ ఏదైనా ఉంటే అందులోని క్యారెట్‌ను 200 మిల్లీగ్రాములతో గుణించకండి, రాయిని మళ్లీ తూయించండి. ఇప్పటి సర్టిఫికెట్లతో ఆ చిక్కు లేదు.

సర్టిఫికెట్‌లో క్యారెట్ అని పలికే అంకెలు రెండు చోట్ల కనిపిస్తాయి. 18KT అని ఉన్నది బంగారం స్వచ్ఛత: ఇరవై నాలుగు భాగాల్లో పద్దెనిమిది భాగాలు బంగారం. హాల్‌మార్క్ ముద్రలో దీన్నే 750 అని చూస్తారు. అది బరువు కాదు, దాన్ని దేనితోనూ గుణించే పని లేదు. ct అని ఉన్నదే రాళ్ల బరువు.

ఇక కమ్మల దగ్గరకు వద్దాం. జతలో మొత్తం పద్నాలుగు రాళ్లు. సర్టిఫికెట్‌లో రాళ్ల మొత్తం బరువు 1.26 క్యారెట్లు, నగ మొత్తం బరువు 7.860 గ్రాములు అని ఉందనుకుందాం. ముందు ఆ 1.26 జతకా, ఒక్క కమ్మకా అన్నది తేల్చుకోండి. రాళ్ల సంఖ్య దగ్గర 14 అని ఉంటే జతకు, 7 అని ఉంటే ఒక్క కమ్మకు. ఇక్కడ పద్నాలుగు అనే ఉంది. 126 సెంట్లు, రెట్టింపు 252 మిల్లీగ్రాములు, అంటే 0.252 గ్రాము. 7.860లోంచి 0.252 తీసేస్తే 7.608 గ్రాములు. బిల్లులో బంగారం నికర బరువు అదే ఉండాలి. హాల్‌మార్క్ నగ బిల్లులో ఈ నికర బరువును విడిగా చూపించాలని బీఐఎస్ నిబంధన ఉంది. కాబట్టి మొత్తం బరువు ఒక్కటే రాసిచ్చిన బిల్లును తీసుకోవద్దు, నికర బరువు రాయించుకోండి.

తప్పులు ఎక్కువగా జరిగేది ఈ తీసివేత దగ్గరే. ఒక రకం తప్పులో సెంట్లనే మిల్లీగ్రాములుగా తీసుకుంటారు. 126 సెంట్లు కాబట్టి 0.126 గ్రాము అని తీసేస్తారు, రెట్టింపు చేయడం మరిచిపోతారు. అప్పుడు నికర బరువు 7.734 అవుతుంది. ఉండాల్సిన దానికంటే 0.126 గ్రాము ఎక్కువ. లెక్క కోసం 18 క్యారెట్ల బంగారం గ్రాము 9,000 రూపాయలు అనుకుంటే 1,134 రూపాయలు అదనం. తరుగు 15 శాతం వేస్తే అది కూడా ఈ లేని బంగారం మీదే పడుతుంది, మరో 170 రూపాయలు. అసలు రాళ్ల బరువే తీయకపోతే ఈ నష్టం సరిగ్గా రెట్టింపు. వజ్రాలకు సెంటు లెక్కన ఒకసారి డబ్బు ఇచ్చాక, అదే వజ్రాలకు బంగారం ధరన రెండోసారి ఇచ్చినట్టు అవుతుంది. మొత్తం బిల్లు లక్షల్లో ఉంటుంది కాబట్టి ఈ రెండు మూడు వేలు ఎవరి కంటా పడవు. అందుకే కింద ఉన్న మొత్తం చూసి సరిపెట్టుకోకుండా, మొత్తం బరువుకూ నికర బరువుకూ తేడా ఎంతో చూడండి. ఆ తేడాను ఐదుతో గుణిస్తే సర్టిఫికెట్‌లోని క్యారెట్లు రావాలి. ఇక్కడ 0.252 ఐదుతో గుణిస్తే 1.26. కలిసింది. నగలో కెంపులో పచ్చలో కూడా ఉంటే వాటి బరువు కూడా ఈ తేడాలో చేరుతుంది, దాన్ని బిల్లులో వేరే వరుసగా రాయించుకోవాలి.

ఇప్పుడు తూకం యంత్రం. రెండు దశాంశ స్థానాలు మాత్రమే చూపే కాటాలో చివరి అంకె 10 మిల్లీగ్రాములు. అంటే ఐదు సెంట్లు! ముప్పై సెంట్ల విడి రాయిని దాని మీద పెడితే 0.06 గ్రాము అని చూపిస్తుంది. అది 0.055 నుంచి 0.065 వరకు ఏదైనా కావచ్చు, అంటే 27.5 సెంట్ల నుంచి 32.5 సెంట్ల దాకా. ఆ అంకెతో రాయిని సరిచూడటం కుదరదు. మూడో స్థానం చూపే కాటా మిల్లీగ్రాము వరకు, అంటే అర సెంటు వరకు చెబుతుంది. విడి రాయిని తూయాలంటే ct అని చూపే వజ్రాల కాటా మీదే తూయించండి. చాలా యంత్రాల్లో ఒక బటన్ నొక్కితే g నుంచి ct కు మారుతుంది, తెర మీద ఏ అక్షరం ఉందో చూసి అంకె చదవండి. గాలి తగలకుండా గాజు మూత వేయించండి. ఫ్యాన్ గాలికే ఇంత చిన్న తూకంలో చివరి అంకె కదులుతుంది.

అలా జాగ్రత్తగా తూయించినా విడి రాయి బరువు ఒక్కోసారి సర్టిఫికెట్‌తో అచ్చంగా కలవదు. దానికి కారణం సర్టిఫికెట్‌లో అంకెను కుదించే పద్ధతి. వజ్రాలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే జీఐఏ సంస్థ రాయిని ఐదు దశాంశ స్థానాల వరకు తూచి, కాగితం మీద రెండు స్థానాలే వేస్తుంది. మూడో స్థానంలో 9 ఉంటేనే పైకి పెంచుతుంది, 8 ఉన్నా కిందికే దించుతుంది. కాబట్టి 0.30 అని ఉన్న రాయి 0.299 కావచ్చు, 0.308 కూడా కావచ్చు. మిల్లీగ్రాముల్లో 59.8 నుంచి దాదాపు 61.8 వరకు. మన రెట్టింపు లెక్క 60 అంటుంది, కాటా 61.5 అంటుంది. రాయి మారిపోయిందని కంగారుపడకండి, అది ఆ హద్దులోనే ఉంది. 57 వచ్చిందా, అప్పుడు అడగాలి. ముందు కాటా సున్నా దగ్గర ఉందో లేదో చూసి మళ్లీ తూయించండి. అయినా అంతే వస్తే రాయి అంచు మీద లేజర్‌తో చెక్కిన నంబరు ఉందేమో భూతద్దంలో చూపించమని అడిగి, సర్టిఫికెట్ నంబరుతో పోల్చండి.

కమ్మల విషయంలో ఈ సరిచూపు సాధ్యం కాదు. రాళ్లు బంగారంలో బిగించి ఉన్నాయి, తీసి తూయలేం. బిగించిన నగ సర్టిఫికెట్‌లో చాలాసార్లు అంచనా బరువు అని ఉంటుంది, కొన్నిట్లో నగ తెచ్చిన వాళ్లు చెప్పిన బరువు అని కూడా ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదవకుండా 1.26ను తూచిన బరువుగా తీసుకోకూడదు. అంచనాకు గుండ్రటి రాయికి వాడే సూత్రం ఇది, కొలతలు మిల్లీమీటర్లలో, జవాబు క్యారెట్లలో:

```
వ్యాసం × వ్యాసం × లోతు × 0.0061
```

పద్నాలుగు రాళ్లకు 126 సెంట్లంటే రాయికి 9 సెంట్లు, 18 మిల్లీగ్రాములు. సరైన పాళ్లలో కోసిన 9 సెంట్ల రాయి వ్యాసం సుమారు 2.9 మిల్లీమీటర్లు ఉంటుంది. లోతు వ్యాసంలో 61 శాతం అనుకుంటే 1.77. సూత్రంలో వేస్తే 0.09 క్యారెట్ వస్తుంది, సరిపోయింది. అదే రాయి కొలిచినప్పుడు 2.7 మాత్రమే వచ్చిందనుకోండి. లోతు అదే పాళ్లలో 1.65 అవుతుంది, బరువు 7.3 సెంట్లకు పడిపోతుంది. పద్నాలుగు రాళ్లకు 1.02 క్యారెట్. కంటికి ఆనని 0.2 మిల్లీమీటర్ తేడాతో పావు క్యారెట్ దాకా పోయింది, ఎందుకంటే వ్యాసం తగ్గితే లోతు కూడా తగ్గుతుంది, బరువు మూడు దిక్కులా తగ్గుతుంది. అందుకని వెర్నియర్‌తో రెండు మూడు రాళ్లు కొలిపించండి. వెనకవైపు మూసి కట్టిన పాతరకం కమ్మలైతే లోతు కొలవడం కుదరదు, అప్పుడు వచ్చేది ఉజ్జాయింపే. ఆ రకం నగ కొనేటప్పుడు బిగించక ముందే రాళ్లను మీ ఎదుట తూయించి, ఆ తూకాన్ని బిల్లులో రాయించుకోవడం మేలు.

చివరగా, అదే కమ్మల్ని కొన్నేళ్లకు మార్పిడికి తీసుకెళ్లినప్పుడు లెక్క ఎటు తిరుగుతుందో గుర్తుపెట్టుకోండి. కొనేటప్పుడు రాళ్ల బరువు తక్కువ తీస్తే మనకు నష్టం, ఇచ్చేటప్పుడు ఎక్కువ తీస్తే నష్టం. సర్టిఫికెట్‌లో 1.26 అని చూసి, దాన్ని గ్రాములనుకుని 7.860లోంచి 1.26 తీసేస్తే మిగిలేది 6.600 గ్రాములు. నిజంగా ఉన్న బంగారం 7.608. ఒక్క అక్షరం చూడకపోవడం వల్ల 1.008 గ్రాములు పోయాయి, మనం అనుకున్న ధరలో 9,072 రూపాయలు. కాబట్టి మార్పిడికి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్‌తో పాటు నికర బరువున్న పాత బిల్లు కూడా పట్టుకెళ్లి, రాళ్ల బరువు ఎన్ని మిల్లీగ్రాములు తీస్తున్నారో తీయకముందే అడగండి. ఈ జతకు 252 అనే జవాబు రావాలి.