కొన్న కంపెనీకి ఏ పేరు ఉంచాలి? సత్యం నుంచి టెక్ మహీంద్రా దాకా

[తెరపై: సత్యం, మహీంద్రా సత్యం, టెక్ మహీంద్రా అనే పేర్లు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి.]

వ్యాఖ్యాత: ఒక కంపెనీ మరో కంపెనీని కొన్నప్పుడు, వాటాల ధరా బోర్డులో స్థానాలూ తేలగానే యాజమాన్యం ముందుకు వచ్చే ప్రశ్న, కొన్న కంపెనీ ఇకపై ఏ పేరుతో నడవాలన్నది. దీనికి మూడు ప్రధానమైన దారులున్నాయి. పాత పేరు తీసేసి కొన్నవారి పేరే పెట్టడాన్ని హౌస్ బ్రాండ్ అంటారు. పాత పేరును ఉంచి, దాని వెనుక ఫలానా గ్రూపు ఉందని తెలిసేలా చేయడాన్ని ఎండార్స్‌డ్ బ్రాండ్ అంటారు. యజమాని మారినా పాత పేరును దాని మానాన దాన్ని నడవనివ్వడాన్ని స్వతంత్ర బ్రాండ్ అంటారు. హైదరాబాదు కంపెనీ సత్యం కంప్యూటర్స్ 2009 నుంచి 2013 లోపు ఈ మూడు దశలనూ దాటింది కాబట్టి, ఏ దారి ఎప్పుడు పనికివస్తుందో, ఎప్పుడు పనికిరాకుండా పోతుందో ఆ ఒక్క ఉదాహరణతోనే చాలావరకు చూడవచ్చు.

[తెరపై: 2009 జనవరి 7]

వ్యాఖ్యాత: ఆ రోజు సత్యం ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖలో, ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నారు. ప్రభుత్వం పాత బోర్డును రద్దు చేసి కొత్త సభ్యులను నియమించింది. ఏప్రిల్‌లో జరిగిన వేలంలో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున ఇచ్చి 31 శాతం వాటా తీసుకుని, ఎల్ అండ్ టీ లాంటి పోటీదారులను దాటి సత్యాన్ని దక్కించుకుంది. అప్పటికి కంపెనీ అసలు ఆదాయమెంతో, అప్పులెన్నో, కోర్టుల్లో తేలాల్సిన బాధ్యతలెన్నో పూర్తిగా ఎవరికీ తెలియదు. పేరు గురించిన నిర్ణయం తీసుకోవలసి వచ్చింది అలాంటి సమయంలో.

ఇలాంటి చోట మొదట అడగవలసినది, పాత పేరు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న కాదని నా అభిప్రాయం. ఆ పేరును ఎవరెవరు చదువుతున్నారు, చదివినప్పుడు ఒక్కొక్కరికి ఏం స్ఫురిస్తోంది అన్నది విడివిడిగా రాసుకోవాలి. సత్యం విషయంలో మదుపరులకూ బ్యాంకులకూ ఆ పేరు వినగానే మోసం గుర్తొచ్చేది. విదేశాల్లోని క్లయింట్ల పరిస్థితి అంత సూటిగా లేదు. తమ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి నడిపిస్తున్న బృందాలు వారికి ముఖం తెలిసిన మనుషులు, వారి పనిమీద ఫిర్యాదు లేదు. ఖాతాలు అబద్ధమైనా పని నిజమే. ఇక ఉద్యోగులకు ఆ పేరు వాళ్ల సొంత పేరులాంటిది. తాము చేయని తప్పుకు తలవంచుకోవలసి వచ్చిందన్న బాధ, కష్టపడి కట్టిన సంస్థ అన్న అభిమానం రెండూ అందులో ఉన్నాయి. ఐటీ సేవల వ్యాపారంలో ఆస్తి అంటే ఆ ఉద్యోగులే కాబట్టి, పేరు మార్పు వాళ్లకు ఏం చెబుతుందన్నది చిన్న విషయం కాదు.

ఈ మూడు వర్గాలనూ దృష్టిలో పెట్టుకుని ఒక్కొక్క దారినీ పరీక్షిద్దాం.

[తెరపై: మొదటి దారి, సత్యం అన్న పేరునే ఉంచడం]

వ్యాఖ్యాత: ఉద్యోగులకు ఇది ఊరట. కానీ కొత్త కాంట్రాక్టు కోసం టెండరు వేసిన ప్రతిచోటా, కంపెనీ నిలబడుతుందన్న నమ్మకం ఏమిటని అడిగితే పేరులో జవాబు ఉండదు. అమ్మకాల బృందం ప్రతి సమావేశంలోనూ మొదటి అరగంట యజమాని మారాడన్న సంగతి వివరించడానికే ఖర్చు పెట్టాలి. పాత పేరును విడిగా నడపడం అన్నది, ఆ పేరు విన్నవారికి వివరణ అవసరం లేనప్పుడే పనిచేసే పద్ధతి.

[తెరపై: రెండో దారి, వెంటనే టెక్ మహీంద్రా అని మార్చడం]

వ్యాఖ్యాత: ఇది చూడటానికి శుభ్రంగా ఉంటుంది. కానీ ఇక్కడ రెండు అడ్డంకులున్నాయి. టెక్ మహీంద్రా 1986లో మహీంద్రా గ్రూపు బ్రిటిష్ టెలికాంతో కలిసి పెట్టిన సంస్థ, 2009 నాటికి కూడా దాని వ్యాపారంలో అధిక భాగం టెలికాం రంగానిదే. సత్యం బలమేమో తయారీ రంగం, బ్యాంకింగు, వ్యాపార సంస్థల సాఫ్ట్‌వేర్. ఒక కార్ల కంపెనీ అధికారికి టెక్ మహీంద్రా అన్న పేరు అప్పట్లో తన రంగానికి చెందినదిగా అనిపించదు. కొన్నవారి పేరు పెద్దది కావడం ఒక్కటే చాలదు, అది కొన్న కంపెనీ పనిచేసే రంగంలో కూడా ఏదో ఒక అర్థం ఇవ్వాలి.

రెండో అడ్డంకి చట్టపరమైనది. సత్యం మీద అమెరికాలో మదుపరులు వేసిన దావాలు నడుస్తున్నాయి, ఖాతాలు సరిచేసి మళ్లీ ప్రకటించాలి. ఆ లెక్కలు 2010 సెప్టెంబరులో గానీ బయటికి రాలేదు. అమెరికా సామూహిక దావా 12.5 కోట్ల డాలర్ల రాజీతో ముగియడానికి 2011 వచ్చింది. అంతవరకు రెండు కంపెనీలు వేర్వేరు చట్టబద్ధ సంస్థలుగానే ఉండటం టెక్ మహీంద్రా వాటాదారులకు అవసరం. సంస్థలు వేరుగా ఉన్నప్పుడు పేరు మాత్రం ఒకటే చేస్తే, ఒకదాని కేసు గురించి వార్త వచ్చిన ప్రతిసారీ రెండోదాని క్లయింట్లు కూడా ఫోను చేస్తారు.

[తెరపై: మూడో దారి, మహీంద్రా సత్యం]

వ్యాఖ్యాత: 2009 జూన్‌లో ఈ పేరు ప్రకటించారు. ఇందులో గమనించవలసిన విషయం, ముందుకు తెచ్చినది టెక్ మహీంద్రాను కాదు, గ్రూపు పేరును. ట్రాక్టర్లు, జీపుల వల్ల దశాబ్దాలుగా జనానికి తెలిసిన మహీంద్రా అన్న మాట బ్యాంకులకూ క్లయింట్లకూ భరోసా ఇస్తుంది, సత్యం అన్న మాట పాత బృందాలూ పాత పనీ అలాగే ఉన్నాయని చెబుతుంది. పాఠ్యపుస్తక నిర్వచనం ప్రకారం ఎండార్స్‌డ్ బ్రాండులో కొన్న కంపెనీ పేరు ముందుండి, గ్రూపు పేరు చిన్న అక్షరాల్లో వెనుక ఉండాలి. ఇక్కడ గ్రూపు పేరే ముందు వచ్చింది కాబట్టి ఇది హౌస్ బ్రాండు వైపు కొంత ఒరిగిన రూపం. పాత పేరుకు మచ్చ ఉన్నప్పుడు ఆ క్రమం సరైనదే.

[తెరపై: ఒక విజిటింగ్ కార్డు, పక్కనే ఒక ఇన్‌వాయిస్]

వ్యాఖ్యాత: అయితే బ్రాండు పేరు మారినంత మాత్రాన కంపెనీ పేరు మారదు. విజిటింగ్ కార్డు మీదా భవనం మీదా మహీంద్రా సత్యం అని రాసినా, స్టాక్ ఎక్స్ఛేంజిలోనూ కాంట్రాక్టుల్లోనూ సత్యం కంప్యూటర్ సర్వీసెస్ లిమిటెడ్ అన్న పేరే విలీనం దాకా కొనసాగింది. ఇలాంటి స్థితిలో క్లయింటు కొనుగోలు విభాగానికి ఒక పేరుతో పరిచయమైన కంపెనీ నుంచి మరో పేరుతో ఇన్‌వాయిస్ వస్తుంది, వాళ్ల వెండర్ జాబితాలో ఆ పేరు కనబడక చెల్లింపు ఆగుతుంది. అందుకని పేరు ప్రకటించే రోజుకు ముందే ఒక పట్టిక తయారు చేసుకోవాలి. అందులో కాంట్రాక్టులు, బ్యాంకు గ్యారంటీలు, ఉద్యోగుల వీసా దరఖాస్తులు, ఈమెయిల్ డొమైన్, స్పాన్సర్‌షిప్‌లు అన్నీ రాసి, ఒక్కొక్క చోట బ్రాండు పేరు వాడాలా, చట్టబద్ధమైన పేరు వాడాలా అన్నది తేల్చాలి. స్పాన్సర్‌షిప్ మాట ఎందుకన్నానంటే, సత్యం 2007లోనే ఫిఫా ప్రపంచ కప్పులకు ఐటీ సేవల ఒప్పందం చేసుకుంది. 2010లో దక్షిణాఫ్రికాలో మైదానం పక్క బోర్డుల మీద మహీంద్రా సత్యం అన్న పేరు ప్రపంచమంతా చూసింది. పాత ఒప్పందం కొత్త పేరుకు అంత పెద్ద వేదిక ఇవ్వడం అరుదు.

[తెరపై: 2012 మార్చి, 2013 జూన్]

వ్యాఖ్యాత: ఈ రకం జంట పేరు సాధారణంగా మజిలీయే. దాని కాలం తీరిందని చెప్పే గుర్తులు కొన్ని ఉంటాయి. పాత పేరు వినిపించినా క్లయింట్లు సంక్షోభం గురించి అడగడం మానేస్తారు. ఒకే గ్రూపుకు చెందిన రెండు బృందాలు ఒకే క్లయింటు దగ్గరికి రెండు పేర్లతో వెళ్లి, ఒకదానికొకటి పోటీగా ధర చెప్పడం మొదలవుతుంది. కొత్తగా చేరేవారు పాత పేరు ఎందుకుందని అడుగుతారు. ఇందులో రెండో గుర్తు అన్నిటికంటే ఖరీదైనది, ఎందుకంటే నష్టం నేరుగా లెక్కల్లో కనబడుతుంది. సత్యం విషయంలో ఖాతాలు సరిచేయడమూ పెద్ద దావా ముగియడమూ అయ్యాక, 2012 మార్చిలో టెక్ మహీంద్రాలో విలీనం ప్రకటించి, హైకోర్టుల అనుమతులతో 2013 జూన్‌లో పూర్తి చేశారు. ఆ లోపు 2012 డిసెంబరులో బ్రిటిష్ టెలికాం టెక్ మహీంద్రాలోని తన చివరి వాటా అమ్మేసింది. సత్యం క్లయింట్లు కలవడంతో టెక్ మహీంద్రా అంటే టెలికాం మాత్రమే అన్న ముద్ర కూడా సడలింది. 2009లో సరిపోని పేరు 2013లో సరిపోవడానికి కారణం ఇదే. పేరు అదే, దాని వెనుక వ్యాపారం మారింది.

[తెరపై: మేటాస్ ఇన్‌ఫ్రా]

వ్యాఖ్యాత: హౌస్ బ్రాండుతో వచ్చే ప్రమాదం కూడా ఆ సంక్షోభంలోనే కనబడుతుంది. రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ఇన్‌ఫ్రాను మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ గ్రూపు తీసుకుని, ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ ఇంజినీరింగ్ అండ్ కన్‌స్ట్రక్షన్ కంపెనీగా పేరు మార్చింది. మచ్చపడిన పేరు పూర్తిగా పోయింది కాబట్టి అప్పట్లో ఇది సబబైన నిర్ణయమే. కానీ 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ తన బాకీలు కట్టలేక కుప్పకూలినప్పుడు, ఆ పేరు తగిలించుకున్న సంస్థలన్నిటి మీదా అనుమానం పడింది. నమ్మకం పైనుంచి కిందికి దిగే దారిలోనే అపనమ్మకమూ దిగుతుంది. అందుకే కొనుగోలుదారు గ్రూపు ఆర్థిక స్థితి మీద ఏమాత్రం సందేహం ఉన్నా పూర్తి పేరు మార్పును వాయిదా వేయడం మంచిది.

పాత పేరును విడిగా ఉంచడం ఎప్పుడు సరైనదో టాటాల రెండు కొనుగోళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 2007లో కొన్న కోరస్ ఉక్కు కంపెనీకి 2010లో టాటా స్టీల్ పేరు పెట్టారు. 2008లో ఫోర్డు నుంచి 230 కోట్ల డాలర్లకు కొన్న జాగ్వార్, ల్యాండ్ రోవర్ పేర్లను ముట్టుకోలేదు. ఉక్కు కొనే కంపెనీ నాణ్యతా ధరా చూస్తుంది. జాగ్వార్ కొనేవారు డబ్బు ఇచ్చేదే ఆ పేరుకు.

[తెరపై: ట్రేడ్‌మార్క్ రిజిస్టరు]

వ్యాఖ్యాత: పేరు విరమించాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. మన ట్రేడ్‌మార్క్ చట్టం, 1999లోని 47వ సెక్షను ప్రకారం, రిజిస్టరు అయిన మార్కును ఐదేళ్లకు పైగా నిజంగా వాడకపోతే, దాన్ని తొలగించమని ఇతరులు కోరవచ్చు. కోట్లు పెట్టి కొన్న పేరును ఎక్కడా వాడకుండా రిజిస్టరులో పెట్టి మరచిపోతే, కొన్నాళ్లకు మరొకరు దానితో వ్యాపారం మొదలుపెట్టి, పాత క్లయింట్లను తమ వాళ్లేనన్నట్టు నమ్మించే అవకాశం ఉంటుంది. కాబట్టి పాత పేరును ఏదైనా ఒక శిక్షణ కార్యక్రమానికో, ఒక ఉత్పత్తికో నిజంగా వాడుతూ ఉండాలి, లేదా దాన్ని వదిలేస్తున్నామన్న నిర్ణయాన్ని తెలిసి తీసుకుని, పాత డొమైను మాత్రం పోనివ్వకుండా రెన్యూ చేస్తూ, అక్కడికి వచ్చే మెయిళ్లు కొత్త చిరునామాకు చేరేలా చూడాలి.