డిమెన్షియా ఉన్నవాళ్ల కేర్ హోమ్: లోపల తిన్నని దారి, బయట తిరిగొచ్చే దారి

[స్క్రీన్ మీద ఒక బిల్డింగ్ ప్లాన్. పొడవాటి కారిడార్, రెండు వైపులా ఒకేలాంటి తలుపులు. చివర మూల తిరిగితే భోజనాల హాలు.]

ఈ ప్లాన్‌లో మనకి తప్పేమీ కనిపించదు. 12 గదులూ బాగున్నాయి, గాలి వెలుతురు ఉన్నాయి. ఒకటి రెండుసార్లు నడిస్తే చాలు, మూల తిరిగితే హాలు వస్తుందని మన మనసులో పడిపోతుంది. డిమెన్షియా ఉన్న మనిషికి సరిగ్గా ఆ పడిపోవడమే జరగదు.

డిమెన్షియాకి ఎక్కువగా కారణమయ్యే జబ్బు అల్జీమర్స్. అది వచ్చినప్పుడు మెదడులో ముందుగా దెబ్బతినే భాగాల్లో హిప్పోకాంపస్ ఒకటి. కొత్త చోటుకి సంబంధించిన దారులను మనసులో గీసి దాచడానికి అది చాలా ముఖ్యం. అందుకే పుట్టిన ఊళ్లో ఏ సందు ఎటు పోతుందో చెప్పగలిగిన పెద్దాయన, ఆరు నెలల కిందట చేరిన హోమ్‌లో బాత్రూం ఎటుందో చెప్పలేడు. నిలబడిన చోటు నుంచి కంటికి ఏది కనిపిస్తే దాన్ని బట్టే నడుస్తాడు. మూల వెనక ఉన్న హాలు ఆయనకి లేనట్టే.

[స్క్రీన్ మీద నాలుగు ప్లాన్‌లు: తిన్నని గీత, ఒక మలుపు ఉన్న దారి, రెండు మలుపులు ఉన్న దారి, మధ్యలో ఖాళీ వదిలిన చతురస్రం.]

ఈ విషయాన్ని జర్మనీలో గెసీన్ మార్క్‌వార్ట్ అనే ఆర్కిటెక్ట్ 30 నర్సింగ్ హోమ్‌లలో పరిశీలించారు. ఫలితాలు 2009లో వచ్చాయి. మలుపు లేని తిన్నని కారిడార్ ఉన్న చోట్ల జనం తమ గది, భోజనాల చోటు సులువుగా కనుక్కున్నారు. దారి దిశ మారిన ప్లాన్‌లలో తడబడ్డారు. మధ్యలో పెరడు వదిలి చుట్టూ వరండాలా తిప్పిన ప్లాన్ కూడా అంత బాగా పనిచేయలేదు.

చాలామంది ఆర్కిటెక్టులు డిమెన్షియా అనగానే గుండ్రంగా తిరిగే కారిడార్ గీసేస్తారు. ఎటు నడిచినా దారి మూసుకుపోదు కదా అని. కానీ అలాంటి దారికి మొదలూ చివరా ఉండవు. అవే తలుపులు మళ్లీ మళ్లీ వస్తాయి. నా గది దాటిపోయిందా, ఇంకా రాలేదా అన్నది తెలియదు. నడవడానికి గుండ్రటి దారి మంచిదే, గది వెతుక్కోవడానికి మాత్రం కాదు. ఈ రెండు పనులనూ ఒకే కారిడార్ మీద పెట్టడం దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది.

[మొదటి ప్లాన్ చెరిగిపోతుంది. అదే 12 గదులతో కొత్త ప్లాన్ మెల్లగా గీస్తున్నట్టు.]

ఆ 12 గదులనే మళ్లీ సర్దుదాం. ముందు మధ్యలో వంటిల్లు, భోజనాల హాలు పెడదాం. హాలుకి కుడివైపు ఆరు గదులు, ఎడమవైపు ఆరు గదులు. ఒక్కో వైపు కారిడార్‌కి అటు మూడు, ఇటు మూడు. గది వెడల్పు 12 అడుగులు అనుకుంటే, కారిడార్ పొడవు ఒక్కో వైపు 36 అడుగులే. హాలుకీ కారిడార్‌కీ మధ్య గోడా వద్దు, తలుపూ వద్దు. ఇప్పుడు ఏ గది గుమ్మంలో నిలబడి తల తిప్పినా భోజనం బల్ల కనిపిస్తుంది. పోపు వాసన వస్తుంది, గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. బాణం గుర్తుల బోర్డులు ఎన్ని పెట్టినా ఈ వంటిల్లు చేసినంత పని చేయవు. అందుకే హాలు ఒక్కటే ఉండాలి. ఒకే రకంగా రెండు హాళ్లు కడితే ఏది తనదో తెలియని టెన్షన్ మళ్లీ మొదలవుతుంది.

కారిడార్ చివర తాళం వేసిన తలుపు పెట్టకండి. అక్కడిదాకా నడిచినవాళ్లు ఆ తలుపు పిడి పట్టుకుని లాగుతూ ఉండిపోతారు. కిటికీ పెట్టి, దాని కింద చేతులున్న కుర్చీ రెండు వేస్తే అక్కడ కూర్చుంటారు, తర్వాత వెనక్కి తిరుగుతారు. తిరగ్గానే ఎదురుగా హాలు.

[గది తలుపు పక్కన గోడలో చిన్న అద్దాల పెట్టె. అందులో పాత ఫొటో, గడియారం.]

ఇక ఎవరి గది ఏదో తెలియాలి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, షార్డన్ అనే ఊళ్లో, కొరీన్ డోలన్ సెంటర్ అని డిమెన్షియా ఉన్నవాళ్ల కోసమే కట్టిన భవనం ఉండేది. ఒక్కో మార్పూ చేసి చూసి, ఏది పనిచేస్తుందో అక్కడ నమోదు చేసేవారు. గది తలుపు పక్కన అద్దాల పెట్టెలో ఆ మనిషి సొంత వస్తువులు పెడితే కొందరికి గది గుర్తుపట్టడం తేలికైంది. ఏవో అందమైన బొమ్మలు పెడితే అంత ఉపయోగం లేకపోయింది. ఫొటో పెడితే వయసులో ఉన్నప్పటిదే పెట్టండి. జబ్బు ముదిరేకొద్దీ చాలామంది తమ ఇప్పటి ముఖాన్ని గుర్తుపట్టలేరు. బాగా ముదిరాక ఈ పెట్టె కూడా పనిచేయదు, అప్పుడు మనిషి తోడు ఉండాల్సిందే.

టాయిలెట్ కూడా అంతే. కమోడ్ కంటికి నేరుగా కనిపించేలా ఉంటే దాన్ని వాడటం బాగా పెరుగుతుందని అక్కడే గమనించారు. మన దగ్గర తెల్ల టైల్స్ మధ్య తెల్ల కమోడ్ పెట్టేస్తాం. వయసు మీద పడిన కళ్లకి రెండూ కలిసిపోతాయి. సీటు ముదురు నీలం రంగుదో, ఎరుపు రంగుదో వేస్తే చాలు.

నేల సంగతి ఒక్క మాటలో చెప్తాను. మెరిసే గ్రానైట్ మీద వెలుగు పడితే నీళ్లు ఒలికినట్టు కనిపిస్తుంది. గుమ్మం దగ్గర నల్ల బోర్డరు మెట్టులా, నల్ల పట్టా గొయ్యిలా కనిపిస్తాయి. గది నుంచి కారిడార్‌లోకి నేల ఒకే రంగులో, మెరుపు లేకుండా సాగాలి.

[హాలు తలుపు తెరుచుకుంటుంది. బయట తోట, చుట్టూ తిరిగొచ్చే కాలిబాట.]

ఇప్పుడు నడిచే దారి. కొరీన్ డోలన్‌లోనే తోటలోకి వెళ్లే తలుపుకి తాళం వేసి ఉంచినప్పుడూ, తీసి ఉంచినప్పుడూ జనం ఎలా ఉన్నారో పోల్చి చూశారు. తాళం తీసి ఉన్నప్పుడు చిరాకు, ఆందోళన తగ్గాయి. కాబట్టి బయటి గోడ భద్రంగా ఉండాలి, లోపలి తలుపు తెరిచి ఉండాలి.

దారి హాలు తలుపు దగ్గర మొదలై, తోట చుట్టి, మళ్లీ అదే తలుపు దగ్గరకి రావాలి. నడకలో ఎక్కడ ఉన్నా ఆ తలుపు కనిపిస్తే ఇంకా మంచిది. వెడల్పు 5 నుంచి 6 అడుగులు ఉంటే వీల్‌చెయిర్ పక్కన ఒక మనిషి నడవచ్చు. మెట్లు ఉండకూడదు, దారి రెండుగా చీలకూడదు. ప్రతి 30, 40 అడుగులకీ ఒక బెంచీ, పట్టుకోవడానికి కమ్మీ. మన ఎండలకి సగం దారికైనా నీడ ఉండాలి, లేకపోతే వేసవిలో పొద్దున్న తర్వాత అది ఖాళీగానే ఉంటుంది. ఒక చోట తులసి కోట, ఇంకో చోట అరుగు, మరో చోట ఉతికిన బట్టలు ఆరేసే తీగ. ఇవి ఒకదానితో ఒకటి పోలకుండా ఉంటే దారిలో ఎక్కడున్నారో తెలుస్తుంది, చేతికి పని కూడా దొరుకుతుంది.

మొక్కలు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. ఆకు తుంచి నోట్లో పెట్టుకునేవాళ్లు ఉంటారు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త మూడూ విషమే, మన గేట్ల పక్కన మాత్రం గన్నేరు మామూలుగా కనిపిస్తుంది. మల్లె, మందారం, కరివేపాకు వేసుకోండి.

బయటి గేటు నడక దారికి ఎదురుగా రాకూడదు. దారి నేరుగా గేటు వైపు పోతే, జనం అక్కడే ఆగి దాన్ని ఊపుతారు. పక్కకి జరిపి, గోడ రంగే వేసి, ముందు పొద పెంచితే దాని జోలికి పోరు. మంటలు లేచినప్పుడు బయటపడే దారులకి మాత్రం ఈ దాపరికం పనికిరాదు. వాటి విషయంలో ఫైర్ వాళ్ల నిబంధనే ఆఖరు మాట.

[పాత బిల్డింగ్ ప్లాన్ మళ్లీ. మూల దగ్గర ఎర్ర చుక్కలు.]

ఇప్పటికే మూల ఉన్న బిల్డింగ్ అద్దెకి తీసుకున్నారనుకోండి. గోడలు కూల్చలేరు. ఓ వారం రోజులు ప్లాన్ కాగితం మీద చుక్కలు పెట్టండి. ఎవరైనా ఆగి దిక్కులు చూసిన చోట ఒక చుక్క, బాత్రూం ఎక్కడని అడిగిన చోట ఒకటి, అడుగు తీసి వేయడానికి జంకిన చోట ఒకటి. చుక్కలు మూల దగ్గర గుంపుగా పడితే, ఆ మూలలోనే దూరం నుంచి కనిపించే పెద్ద వస్తువు ఒకటి పెట్టండి, హాలు తలుపు రెక్కలు తీసేయండి. బాత్రూం ముందు పడితే ఆ తలుపు ఒక్కదానికే వేరే రంగు వేయండి. నేల మీద పడితే అక్కడి పట్టా ఎత్తేయండి. తర్వాత ఇంకో కొత్త కాగితం తీసుకుని మళ్లీ ఒక వారం లెక్కపెట్టండి.