ఒక్క ‘నే’ దగ్గర ఆగిన చర్చ

శ్రోతలకు నమస్కారం. చెన్నై పెరంబూరులో మా మేనత్త ఇంట్లో ఆదివారం భోజనాలయ్యాక బైబిలు తెరుస్తారు. అత్తయ్యది లూథరన్ సంఘం, మావయ్య కేథలిక్కు. మొన్న అత్తయ్య, అపొస్తలుడైన పౌలు రాసిన లేఖ రోమా పత్రికలోంచి మూడో అధ్యాయం 28వ వచనం చదివింది: ధర్మశాస్త్రపు క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే మనుషులు దేవుడి ముందు నీతిమంతులుగా తీర్చబడతారని దాని అర్థం. అందులో ‘విశ్వాసమువలననే’ అన్నచోట ఆ ‘నే’ మీద వేలుపెట్టి, “చూడండి, ఇక క్రియలకి చోటెక్కడ?” అంది. మావయ్య మాట్లాడకుండా పుటలు తిప్పి యాకోబు పత్రిక తీశారు. రెండో అధ్యాయం 24వ వచనంలో మనిషి విశ్వాసం వల్ల మాత్రమే కాదు, క్రియల వల్ల కూడా నీతిమంతుడౌతాడని ఉంది.

ఆ ‘నే’కి సాటివచ్చే మాట గ్రీకు మూలంలో లేదు. 1522లో, లూథరన్ సంఘాలకు ఆ పేరిచ్చిన మార్టిన్ లూథర్ తన జర్మన్ అనువాదంలో ‘మాత్రమే’ అని చేర్చాడు. తప్పుపట్టినవాళ్లకు 1530లో జవాబిస్తూ, ఒకటి కాదు, మరొకటి అన్నప్పుడు జర్మన్ నుడికారం ఆ మాట కోరుతుందన్నాడు, పౌలు వాదన సారమూ అదేనన్నాడు. ‘క్రియలు లేకుండా’ అన్నాక మన చెవి కూడా ‘నే’ కోసం ఎదురుచూస్తుంది కదా!

మరి పౌలు, యాకోబు ఎదురెదురుగా నిలబడ్డారా? నాకలా అనిపించదు. ఇద్దరూ అబ్రాహామునే సాక్ష్యానికి పిలిచారు, ‘అబ్రాహాము దేవుని నమ్మెను’ అన్న ఆదికాండం 15వ అధ్యాయపు వాక్యాన్నే ఎత్తి చూపారు. పౌలు అడిగింది కాలం గురించి: ఆయన్ని నీతిమంతుడిగా ఎంచింది సున్నతికి ముందా, తర్వాతా? ముందే. సున్నతి మాట 17వ అధ్యాయంలో గానీ రాదు. కాబట్టి అది ఆయన సంపాదించుకున్న కూలి కాదు. యాకోబు చూపు 22వ అధ్యాయం మీద, ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన రోజు మీద ఉంది. ఆ నమ్మకం బతికే ఉందా అన్నది ఆయన ప్రశ్న.

కేథలిక్కులంటే పుణ్యంతో మోక్షం కొనుక్కునేవాళ్లని కొందరంటారు. అది అన్యాయం. 1547లో కేథలిక్కు సంఘపు ట్రెంట్ మహాసభ తేల్చి చెప్పింది: నీతిమంతుడు కావడానికి ముందున్న విశ్వాసం గానీ, క్రియ గానీ ఆ కృపకు వెల కాదు. తేడా ఆ తర్వాతే మొదలవుతుంది. పొందిన నీతి సత్క్రియలతో పెరుగుతుందంటుంది ట్రెంట్. లూథరన్లకు క్రియలు చెట్టుకు కాసే పళ్లు, అవి చెట్టును నాటవు. ఆర్థడాక్స్ సంఘాలు ఈ న్యాయస్థానపు భాషలో అంతగా మాట్లాడవు. వాళ్లకు రక్షణంటే రోగి కోలుకోవడం లాంటిది, దేవుని కృపతో మనిషి కలిసి నడవడం.

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్కులు, లూథరన్లు ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మన యోగ్యతేమీ లేకుండా, కృప వల్లనే దేవుడు మనల్ని స్వీకరిస్తాడని ఒప్పుకున్నారు. ఒక ముడి మాత్రం మిగిలింది: నీతిమంతుడైన మనిషి ఇంకా పాపేనా? అవునంటారు లూథరన్లు. బాప్తిస్మం తర్వాత మిగిలేది పాపం వైపు మొగ్గు మాత్రమే, పాపం కాదంటారు కేథలిక్కులు. మా అత్తయ్యా మావయ్యా వచ్చే ఆదివారం ఆ ముడి దగ్గర మొదలుపెడతారు.