పాట కింద అమ్మ గొంతు

పెద్దలకు, వియ్యాలవారికి, ఇంత ఎండలో రాజోలు నుంచి వచ్చిన చుట్టాలకు నమస్కారం. అక్కాబావల 35వ పెళ్లిరోజు కదా, బావ గురించి నాలుగు మాటలు చెప్పమని మైకిచ్చారు. బావ సంగతి మీకందరికీ తెలిసిందే. నేను క్యాసెట్ సంగతి చెబుతాను.

1990లో ఈ పెళ్లికి వీడియో తీసినాయన మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలు అతికించి ఇచ్చాడు. అప్పట్లో అదే ఫ్యాషన్. తలంబ్రాలకో పాట, అప్పగింతలకో ఏడుపు పాట. మా అమ్మ నోరు కదులుతుంటుంది, గొంతు మాత్రం ఎవరో గాయనిది! ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

డల్లాస్ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసి, "మావయ్యా, అమ్మమ్మ గొంతు ఎక్కడైనా ఉందా? అమ్మకి మాత్రం చెప్పకు" అంది. ఉంది. కెమెరాలో తిరిగిన అసలు క్యాసెట్లు వాళ్లు మళ్లీ వాడేసుకునేవారు. మా నాన్న మాత్రం "డబ్బులిచ్చింది నేను" అని దెబ్బలాడి తెచ్చేసుకున్నాడు. అది మా అటక మీదే ఉంది, 96 నవంబరు తుఫానుకి తడిసి.

అమెరికా వీసీఆర్‌లో మన క్యాసెట్ ఆడదు, వాళ్లది వేరే పద్ధతి. అందుకని ఇక్కడే ఆడించి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. గంట క్యాసెట్‌కి గంటా కూర్చోవాల్సిందే. అక్కేమో "ఆ గదిలో ఏంట్రా చప్పుడు?" అని గుమ్మం దగ్గరే నిలబడేది.

క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి పొడి. ఫంగస్. వినండి, మీ ఇళ్లలోనూ ఉంటాయి: అలాంటిది తుడవకుండా పెట్టొద్దు. ఆ పొడి హెడ్‌కి పట్టి, తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కీ అంటుకుంటుంది. తుడిచి పెట్టినా బొమ్మంతా చుక్కలే. కానీ మాట వచ్చింది! బొమ్మ చదివే హెడ్ గిర్రున తిరుగుతుంది, దానికి మురికి పట్టింది. మాట టేపు అంచునే ఉంటుంది, దాన్ని చదివే హెడ్ కదలదు.

అప్పుడు పిల్ల ఏం చేసిందంటే, బొమ్మ పాటల క్యాసెట్‌లోంచి, మాట దీన్లోంచి తీసుకుంది. రెండూ కలపడానికి గట్టిమేళం పట్టుకుంది. డోలు మీద పుల్ల పడే బొమ్మకి ఆ దెబ్బ చప్పుడు జత చేసింది. అయినా రెండు క్యాసెట్లూ ఒకే వేగంతో తిరగవు, కాసేపటికి మాట వెనకబడుతుంది. మళ్లీ ఇంకో దెబ్బ దగ్గర కోసి అతికించాలి. పగలు ఉద్యోగం, రాత్రుళ్లు ఇదీ.

అక్కా, అలా చూడకు, నువ్వు తిట్టాల్సింది దాన్ని. ఇంతా చేస్తే అందులో అమ్మ అంటున్నదేంటో తెలుసా? "ఆ లైటు పక్కకి తియ్యి నాయనా, పిల్లకి కళ్లు మండిపోతున్నాయి." ఆ వీడియో ఆయన్నే! దాని మీద పాటేశాడు ఆ మహానుభావుడు.

సరే, వంటవాళ్లూ, ఆ గరిటెల చప్పుడు కాసేపు ఆపండి. బాబూ, సౌండ్ పెంచు.