నీడలో పడ్డ మైనస్: మార్కులు ఎక్కడ పోయాయో చెప్పే ఉత్తరం

అందరికీ నమస్కారం. ఫొటో తీసి పంపిన లెక్కల పేపరు దిద్ది, కింద "విచక్షణి తప్పు, 2/4" అని రాసి పంపేస్తాం. రెండు మార్కులు పోయాయని పిల్లవాడికి తెలుస్తుంది గానీ, ఏ గీత దగ్గర పోయాయో తెలియదు. ఇవాళ ఒక్క లెక్కే చూద్దాం.

2x² − 5x − 3 = 0 మూలాలను సూత్రంతో కనుక్కోవాలి. సూత్రానికి 1, విలువల ప్రతిక్షేపణకు 1, విచక్షణికి 1, మూలాలకు 1, మొత్తం 4 మార్కులు. విద్యార్థి సూత్రం సరిగ్గా రాశాడు. a = 2, b = −5 అన్నాడు. c దగ్గర ఫొటోలో చేతి నీడ పడింది. 3 కనిపిస్తోంది, దాని ముందు మైనస్ ఉందో లేదో తెలియడం లేదు. మూడో వరుసలో విచక్షణి −1 అని తేల్చి, వాస్తవ మూలాలు లేవని ముగించాడు.

మార్కు కోసే ముందు ఆ నీడ సంగతి తేల్చాలి. అందుకు ఆ −1 చాలు. c ని 3 అనుకుని ఉంటే 25 − 24 = 1 రావాలి, లేదా −25 − 24 = −49 రావాలి. −25 + 24 చేస్తేనే −1 వస్తుంది. అంటే మైనస్ పెట్టాడు, ఫొటోలో పడలేదంతే. అసలు తప్పు b² దగ్గరుంది.

ఇక ఉత్తరం:

"2వ పేజీ, 7వ ప్రశ్న, 3వ వరుస చూడు. b = −5 అని సరిగ్గానే రాశావు. వర్గం చేసేటప్పుడు బ్రాకెట్ వదిలేసి −5² అని రాశావు, అందుకే −25 వచ్చింది. (−5)² అని రాసి ఉంటే 25 వచ్చేది. అప్పుడు విచక్షణి 25 + 24 = 49, మూలాలు 3, −1/2. సూత్రానికీ ప్రతిక్షేపణకూ మార్కులు ఇచ్చాను. విచక్షణి మార్కు పోయింది, దాని వల్లే మూలాల మార్కూ పోయింది. తప్పు ఒక్కటే."

ఆ చివరి వాక్యం తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే రెండు మార్కులు పోయాయి కాబట్టి రెండు తప్పులు చేశాననుకుని, లేని రెండోదాన్ని వెతుక్కుంటాడు. బ్రాకెట్ లేదని ప్రతిక్షేపణ మార్కు కూడా తీసేయడం నా దృష్టిలో అన్యాయం, అది ఒకే తప్పుకు మళ్లీ మళ్లీ కోత వేయడమే. అయితే "వచ్చిన −1 ప్రకారం ముగింపు సరైనదే కదా" అని మూలాల మార్కు ఇవ్వడమూ కుదరదు. ఆ తప్పు వల్ల చివరి మెట్టు పనే లేకుండా పోయింది, వర్గమూలం తీయనే లేదు.

ఉత్తరంలో ఇంకో మాట చేర్చవచ్చు: a, c గుర్తులు వేరైతే −4ac ధనాత్మకం, b² ఎప్పుడూ రుణాత్మకం కాదు, కాబట్టి విచక్షణి రుణాత్మకంగా రానే రాదు. ఇక్కడ a = 2, c = −3. "వాస్తవ మూలాలు లేవు" అని రాసే ముందు ఆ రెండు గుర్తులూ చూసుకుంటే తప్పు అక్కడే దొరికేది.

తర్వాతి వరుస కూడా నీడలోనే ఉండి ఏదీ తేలకపోతే మాత్రం మార్కు కోయకండి. ఆ ప్రశ్న పక్కన పెట్టి, ఆ రెండు వరుసలే దగ్గరగా, వెలుతురులో మళ్లీ ఫొటో తీసి పంపమనండి.